900 రూపాయల షేరులో ఉన్నదెంత, రాబోయేదెంత? పీవీజీఓ లెక్క మొదటి నుంచి చివరి దాకా

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి వెనక సందులో ఒక ఆంధ్ర మెస్ ఉంది. నడిపే ఆయన కడప జిల్లా నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. ఇక ఊరికి వెళ్లిపోతాను, మెస్ అమ్మేస్తాను అన్నాడు. మా బావమరిదికి ఉద్యోగం విసుగొచ్చి ఉంది కాబట్టి వెళ్లి బేరం అడిగి వచ్చాడు.

"బావా, కోటి అడుగుతున్నాడు. ఏడాదికి తన జీతం పోను పన్నెండు లక్షలు మిగులుతుందంట" అన్నాడు.

ఇలాంటి వ్యాపారంలో డబ్బు పెడితే ఏడాదికి 20 శాతమైనా రావాలి, లేకపోతే అంత తలనొప్పి ఎవరు పడతారు? పన్నెండు లక్షలు 20 శాతం కావాలంటే పెట్టుబడి అరవై లక్షలు ఉండాలి. మెస్ ఇప్పుడున్నట్టే ఎప్పటికీ నడిస్తే దాని విలువ అదే. మరి మిగతా నలభై లక్షలు దేనికి? "అవుటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో కడుతున్నారు కదా, రెండో బ్రాంచి పెట్టుకోవచ్చు" అన్నాడట ఆయన. మా వాడు "రాని మెట్రోకి నలభై లక్షలా!" అని లేచి వచ్చేశాడు.

అదే వారంలో అతను 900 రూపాయల చొప్పున ఒక పంపుల కంపెనీ షేర్లు కొన్నాడు. ఆ 900లో ఇప్పుడున్న ఫ్యాక్టరీకి ఎంత, ఇంకా కట్టని ఫ్యాక్టరీకి ఎంత అని మాత్రం అడగలేదు. మెస్ దగ్గర తనకు తెలియకుండానే చేసిన లెక్కను షేరు దగ్గర చేయలేదన్నమాట. ఆ లెక్కకు పుస్తకాల్లో పీవీజీఓ అని పేరు. అంటే ఎదుగుదల అవకాశాలకు ఈ రోజున్న విలువ. ఆ షేరు మీదే దాన్ని చేసి చూపిస్తాను. కంపెనీ పేరు చెప్పను. అంకెలను కూడా లెక్కకు తేలికగా ఉండేలా గుండ్రం చేశాను.

అసలు సూత్రం

షేరు ధరను రెండు ముక్కలుగా చూడండి. ఒకటి, కంపెనీ కొత్తగా రూపాయి కూడా పెట్టకుండా, వచ్చిన లాభమంతా డివిడెండ్‌గా పంచేస్తూ ఇలాగే సాగితే ఉండే విలువ. రెండోది, లాభంలో కొంత అట్టిపెట్టుకుని కొత్త పనుల్లో పెడితే అదనంగా పుట్టే విలువ.

```
P = EPS1 / r + PVGO
```

P ఇవాళ్టి ధర. EPS1 వచ్చే ఏడాది షేరుకు రాబోయే లాభం. r అంటే ఈ రిస్కు తీసుకున్నందుకు వాటాదారు కోరే రాబడి. మెస్ విషయంలో 12 లక్షలను 0.20తో భాగించాం, అదే EPS1 / r. మిగిలిన నలభై లక్షలు పీవీజీఓ.

ఏమీ పెట్టకుండా లాభం అలాగే ఎలా ఉంటుందని అడగొచ్చు. పాడైన యంత్రాల స్థానంలో కొత్తవి వేయడానికి తరుగుదల ఖర్చు లాభం లెక్కలోనే తీసేశారు కాబట్టి ఉంటుందని అనుకుంటాం. ఈ అనుకోవడంలో ఒక చిక్కుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదటి అడుగు: ఏ లాభం వేయాలి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. యాప్‌లో కనిపించే ఈపీఎస్ తీసుకుని భాగించేస్తారు. మా బావమరిది ఫోన్‌లో ఈ కంపెనీకి గత పన్నెండు నెలల ఈపీఎస్ 31.50 అని ఉంది. వార్షిక నివేదిక తెరిస్తే, పీణ్యలోని పాత షెడ్డు స్థలం అమ్మగా పన్ను పోను షేరుకు 4.50 లాభం అందులో కలిసి ఉంది. ఆ స్థలాన్ని మళ్లీ అమ్మలేరు కదా. కాబట్టి మామూలు వ్యాపార లాభం 27 రూపాయలే. ఇలాంటివి లాభనష్టాల పట్టికలో 'అసాధారణ అంశాలు' అన్న వరుసలోనో, 'ఇతర ఆదాయం' కింది నోట్‌లోనో ఉంటాయి. రెండూ చూడాలి.

తర్వాత వచ్చే ఏడాది అంచనా వేయాలి. నిరుడు కట్టిన కొత్త వర్క్‌షాపు ఈ ఏడాది నుంచి పూర్తిగా పనిచేస్తుంది. దాని వల్ల 27 దాదాపు 30 అవుతుందనుకున్నాం. ఆ మూడు రూపాయలను ఎదుగుదల ముక్కలో వేయకూడదు. దానికి పెట్టిన డబ్బు ఇప్పటికే ఖర్చయిపోయింది, ఆ షాపు ఇప్పుడున్న ఆస్తే. సూత్రంలో నిరుటి లాభం కాకుండా వచ్చే ఏడాది లాభం ఉండటానికి కారణం ఇదే.

అనుబంధ కంపెనీలవి కూడా కలిపి రాసిన ఏకీకృత లెక్కల నుంచి, ఉద్యోగులకు ఇవ్వాల్సిన షేర్లు కూడా కలిపి లెక్కించిన డైల్యూటెడ్ ఈపీఎస్ తీసుకోండి. మధ్యలో బోనస్ షేర్లు ఇచ్చినా, షేరును విభజించినా పాత ఏళ్ల ఈపీఎస్‌లను కూడా ఆ నిష్పత్తికి తగ్గించాలి. బెంగళూరు ఐటీ కంపెనీలకు ఇంకో జాగ్రత్త. అవసరానికి మించిన నగదు కుప్పలుగా ఉంటే షేరుకు ఎంత నగదుందో ధరలోంచి తీసేయాలి, ఆ నగదు మీద వచ్చే వడ్డీని ఈపీఎస్ లోంచి తీసేయాలి. ఒకటి తీసి ఇంకోటి మరిచిపోతే లెక్క వంకర పోతుంది. మన పంపుల కంపెనీకి ఆ గొడవ లేదు.

రెండో అడుగు: ఎంత రాబడి కోరాలి

మామూలు పద్ధతి ఇది. పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి తీసుకుని, షేర్ల రిస్కుకు అదనంగా కొంత కలపాలి. బాండు రాబడి ఈమధ్య ఏళ్లలో సుమారు 6 నుంచి 7.5 శాతం మధ్య తిరుగుతోంది. మేం 7 వేసుకున్నాం. షేర్లకు అదనంగా 5 అనుకున్నాం. మార్కెట్‌తో పోలిస్తే షేరు ఎంత ఊగుతుందో చెప్పే బీటా ఈ కంపెనీకి ఒకటికి దగ్గరగా ఉంది కాబట్టి మొత్తం 12 శాతం.

ఆ 5 ఎక్కడి నుంచి వచ్చిందని మా వాడు పట్టుకున్నాడు. అది కొలిచి తెచ్చిన అంకె కాదు, మన అంచనా. అందుకే 12తో పాటు 11తోనూ 13తోనూ కూడా లెక్క చేయాలి. మీకు నచ్చిన జవాబు వచ్చేదాకా r ని జరపడం మాత్రం వద్దు. ముందు r ని కాగితం మీద రాసి పెట్టుకుని, ఆ తర్వాతే ధర చూడండి. నేను అలా చేయకుండా చాలాసార్లు మోసపోయాను.

మూడో అడుగు: విడదీయడం

30ని 0.12తో భాగిస్తే 250. ధర 900. మిగిలింది 650. అంటే ఈ షేరులో ఇప్పుడున్న ఫ్యాక్టరీలకు, డీలర్లకు, పేరుకు కలిపి మా వాడు ఇచ్చింది 250. ఇంకా పెట్టని పెట్టుబడుల నుంచి రాబోయే లాభానికి ముందుగానే ఇచ్చింది 650. వంద రూపాయల్లో డెబ్భై రెండు రూపాయలు రాబోయేదానికే.

"మెస్ ఆయన వందకి నలభైయ్యే అడిగాడు కదా బావా" అన్నాడు వాడు, కాసేపాగి.

r మార్చి చూస్తే 11 శాతానికి ఉన్నదాని విలువ 273, 13 శాతానికి 231. ఎదుగుదల వాటా 70 నుంచి 74 శాతం మధ్యే ఉంది. పీఈ, అంటే ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, ఎక్కువగా ఉన్న షేరులో r ని కొంచెం అటూ ఇటూ చేసినా ఈ పంపకం పెద్దగా కదలదు. పీఈ తక్కువగా ఉన్న చోట అలా కాదు. అదే 30 రూపాయల లాభమున్న షేరు 300కి దొరుకుతోందనుకోండి. r 10 శాతమైతే ఎదుగుదల విలువ సున్నా, 13 అయితే ధరలో 23 శాతం. చవక షేర్ల మీద 'ఎదుగుదల ఉచితంగా వస్తోంది' అని ఎవరైనా అంటే, వాళ్లు ఏ r వేశారో ముందు అడగండి.

ఇంతటితో ఆగిపోయే వాళ్లే ఎక్కువ. 72 శాతం అని తేల్చి, ఎక్కువనో తక్కువనో అనేసి వదిలేస్తారు. అది ఎక్కువా కాదా అన్నది ఆ అంకెలో లేదు. 650 రావాలంటే కంపెనీ ఏం చేయాలో చూస్తేనే తెలుస్తుంది.

నాలుగో అడుగు: ఎదుగుదలకు విలువ ఎప్పుడుంటుంది

మళ్లీ మెస్‌కి వెళ్దాం. రెండో బ్రాంచికి 20 లక్షలు పెట్టాలి, ఏడాదికి 4 లక్షలు మిగులుతుంది అనుకోండి. 20 శాతం కోరేవాడికి ఆ నాలుగు లక్షల విలువ సరిగ్గా 20 లక్షలే. పెట్టింది ఇరవై, పుట్టింది ఇరవై. లాభం 12 నుంచి 16 లక్షలకు ఎదిగింది, కానీ కొన్నవాడి చేతికి కొత్తగా విలువేమీ రాలేదు. ఆ బ్రాంచి కోసం ముందుగానే నలభై లక్షలు ఇస్తే మునిగినట్టే.

పీవీజీఓలో ఉన్న కీలకమంతా ఇదే. కొత్త పెట్టుబడి మీద వచ్చే రాబడి r కంటే ఎక్కువైతేనే ఎదుగుదలకు విలువ. సమానమైతే సున్నా. తక్కువైతే ఎదిగే కొద్దీ విలువ తరిగిపోతుంది. ఉదాహరణకు షేరుకు 24 రూపాయలు సంపాదించే ఒక కంపెనీ లాభమంతా పంచేస్తే, 12 శాతం లెక్కన దాని విలువ 200. అదే కంపెనీ సగం లాభం అట్టిపెట్టుకుని 8 శాతమే వచ్చే పనుల్లో పెడుతూ పోతే లాభం ఏటా 4 శాతం పెరుగుతుంది. డివిడెండ్ 12 రూపాయలు, దాన్ని 0.12లోంచి 0.04 తీసేసిన 0.08తో భాగిస్తే విలువ 150. పీవీజీఓ మైనస్ 50. పత్రికల్లో మాత్రం ప్రతి ఏడాదీ 'రికార్డు లాభం' అనే వస్తుంది!

కాబట్టి మన కంపెనీకి కొత్త పెట్టుబడి మీద ఎంత వస్తోందో చూడాలి. వార్షిక నివేదికలో కనిపించే ఆర్‌ఓఈ, అంటే వాటాదారుల మొత్తం సొమ్ము మీద రాబడి, దీనికి సరిపోదు. అది పాత, కొత్త పెట్టుబడులన్నింటి సగటు. ఇరవై ఏళ్ల కిందట చవగ్గా కొన్న స్థలం మీద కట్టిన ఫ్యాక్టరీ ఆ సగటును పైకి లాగుతుంది. మనకు కావాల్సింది కొత్త రూపాయి మీద రాబడి.

దానికి ఇంట్లో కూర్చుని చేయగల ఒక పద్ధతి ఉంది. అయిదేళ్ల వార్షిక నివేదికలు తీయండి. ప్రతి ఏడాదీ ఈపీఎస్ లోంచి షేరుకిచ్చిన డివిడెండ్ తీసేస్తే అట్టిపెట్టుకున్నది వస్తుంది. అయిదేళ్లదీ కలపండి. ఆ కాలంలో ఈపీఎస్ ఎంత పెరిగిందో చూడండి. పెరిగినదాన్ని అట్టిపెట్టుకున్నదానితో భాగించండి. మన కంపెనీ అయిదేళ్లలో షేరుకు 60 రూపాయలు అట్టిపెట్టుకుంది. మామూలు లాభం 15 నుంచి 27కి, అంటే 12 రూపాయలు పెరిగింది. 60 మీద 12 అంటే 20 శాతం. 12 శాతం కోరేవాళ్లకు ఇది మంచి రాబడే. లాభంలో అట్టిపెట్టుకుంటున్న వాటా సగటున 60 శాతం.

రెండు చోట్ల మాత్రం ఇది తప్పుదారి పట్టిస్తుంది. కంపెనీ అప్పు పెంచి ఫ్యాక్టరీ కట్టి ఉంటే, అప్పు చేసిన మేలు కూడా అట్టిపెట్టుకున్న రూపాయి ఖాతాలో పడి రాబడి ఎక్కువగా కనిపిస్తుంది. అయిదేళ్లలో అప్పు, ఈక్విటీ నిష్పత్తి ఎలా మారిందో పక్కన రాసుకోండి. రెండోది, మొదటి ఏడాది కరువు ఏడాదో కోవిడ్ ఏడాదో అయితే లాభం అసలే కింద ఉంటుంది కాబట్టి పెరుగుదల లేనిపోనిది కనిపిస్తుంది. అలాంటప్పుడు మొదలు, చివర రెండు చోట్లా మూడేసి ఏళ్ల సగటు తీసుకోవడం మేలు.

అయిదో అడుగు: 650 రావాలంటే ఎన్నేళ్లు పట్టాలి

నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. ఆలోచన కొత్తదేం కాదు, మిల్లర్, మోదిగ్లియాని అనే ఆర్థికవేత్తలు 1961లోనే దీన్ని రాశారు. కంపెనీ ఏటా కొంత పెట్టుబడి పెడుతుంది, ప్రతి ఏడాది పెట్టుబడీ కొంచెం విలువను కలుపుతుంది. ఆ చిన్న ముక్కలన్నీ కలిపితే పీవీజీఓ.

మొదటి ఏడాది చివర 30 లాభంలో 18 అట్టిపెట్టుకుంటుంది. దాని మీద 20 శాతం చొప్పున ఏటా 3.60 వస్తుంది. ఎప్పటికీ వచ్చే ఆ 3.60 విలువ, 12 శాతం మీద, 30 రూపాయలు. పెట్టింది 18, విలువ 30, కలిసొచ్చింది 12. అది ఏడాది తర్వాతి 12 కాబట్టి ఇవాళ్టి విలువ కోసం 1.12తో భాగిస్తే 10.71.

రెండో ఏడాది లాభం 33.60కి చేరుతుంది. అంటే 12 శాతం ఎదుగుదల. కాబట్టి రెండో ఏడాది కలిసొచ్చేది కూడా 12 శాతం ఎక్కువ. కానీ ఇంకో ఏడాది దూరం కాబట్టి 12 శాతం ఎక్కువగా తగ్గించాలి. రెండూ కొట్టుకుపోయి మళ్లీ 10.71. మూడో ఏడాదీ అంతే. ఈ కంపెనీ ఎదుగుదల రేటు, మనం కోరే రాబడి అనుకోకుండా సమానంగా ఉండటం వల్ల ఈ సౌకర్యం దొరికింది. ఒక్కో ఏడాది పెట్టుబడి ఇవాళ్టి ధరకు 10.71 చొప్పున కలుపుతుంది.

650ని 10.71తో భాగించండి. 61 వస్తుంది.

అంటే 900 సరైన ధర కావాలంటే ఈ పంపుల కంపెనీ 61 ఏళ్ల పాటు ఏటా లాభంలో 60 శాతం అట్టిపెట్టుకోవాలి, ఆ కొత్త డబ్బు మీద ప్రతిసారీ 20 శాతం తేవాలి. పోటీదారులు రాకూడదు, బోర్‌వెల్ పంపుల మార్కెట్ నిండిపోకూడదు. మా బావమరిదికి ఇప్పుడు ముప్పై నాలుగేళ్లు.

రెండు రేట్లు సమానంగా లేనప్పుడు భాగాహారం ఒక్కటీ చాలదు. స్ప్రెడ్‌షీట్‌లో ఇలా వేసుకోండి. B1 నుంచి B5 దాకా వరుసగా ధర, వచ్చే ఏడాది ఈపీఎస్, కోరే రాబడి, అట్టిపెట్టుకునే వాటా, కొత్త పెట్టుబడి మీద రాబడి.

```
B1   900
B2   30
B3   0.12
B4   0.60
B5   0.20
B6   =B2/B3
B7   =B1-B6
B8   =B2*B4*(B5/B3-1)/(1+B3)
B9   =(1+B4*B5)/(1+B3)
B10  =IF(ABS(B9-1)<0.000001,B7/B8,LN(1+B7*(B9-1)/B8)/LN(B9))
```

B6 ఉన్నదాని విలువ, B7 ఎదుగుదల విలువ, B8 మొదటి ఏడాది పెట్టుబడి కలిపే విలువ, B10 ఎన్నేళ్లు కావాలో. B3లో 0.11 వేస్తే 61 కాస్తా 40కి దిగుతుంది. 0.13 వేస్తే 130 దాటుతుంది. మూడో అడుగులో r మార్చినా పంపకం కదల్లేదని చెప్పాను, ఏళ్ల లెక్క మాత్రం ఇలా ఊగిపోతుంది. కాబట్టి '61 ఏళ్లు' అని ఒకే అంకె ఎవరికీ చెప్పకండి. '40 నుంచి 130' అని చెప్పండి. అంత వెడల్పుగా ఉన్నా విషయం తెలుస్తూనే ఉంది, తక్కువలో తక్కువ 40 ఏళ్లు.

ఇప్పుడు B3ని 0.12కే మార్చి, B5లో 0.20 బదులు 0.17 పెట్టండి. B10లో `#NUM!` అని వస్తుంది. మా వాడు ఫార్ములా తప్పు టైప్ చేశాననుకుని మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. తప్పేం లేదు. కొత్త పెట్టుబడి మీద 17 శాతమే వస్తే, కంపెనీ అనంత కాలం ఎదిగినా పీవీజీఓ 417 దాటదు. 650 ఎప్పటికీ రాదు కాబట్టి లాగరిథమ్‌కి జవాబు లేదు. 20కి 17కి మధ్య మూడు శాతమే తేడా. ఈ షేరు ధరంతా ఆ మూడు శాతం మీద నిలబడి ఉంది.

B8 మైనస్‌లో వస్తే కొత్త పెట్టుబడి రాబడి r కంటే తక్కువని అర్థం. అక్కడ ఏళ్ల లెక్కకు అర్థం లేదు, B10ని పట్టించుకోకండి.

ఆరో అడుగు: ధరల పెరుగుదల అనే మూడో ముక్క

ముందు వదిలేసిన చిక్కు ఇదే. 12 శాతం r లో ధరల పెరుగుదల కలిసే ఉంది. బాండు ఇచ్చే 7 శాతంలోనే అది ఉంది కదా. కానీ 30 రూపాయల లాభాన్ని మాత్రం ఎప్పటికీ 30 గానే ఉంచాం. పంపు ధర, జీతాలు, ఇనుము ధర అన్నీ పెరిగే దేశంలో లాభం మాత్రం రూపాయల్లో మారకుండా ఉంటుందంటే, నిజానికి అది ఏటా తరిగిపోతోందని అర్థం. 'ఎదుగుదల లేని' విలువ అనుకుని 'కుంచించుకుపోయే' విలువ కట్టాం. అమెరికా పుస్తకాల్లోంచి సూత్రాన్ని అలాగే దించుకుంటే ఇది కంటికి ఆనదు, అక్కడ ధరల పెరుగుదలకు లక్ష్యం 2 శాతమే. మన రిజర్వు బ్యాంకుకు 2016 నుంచి లక్ష్యం 4 శాతం.

సరిదిద్దడం ఎలా? పంపు ధర ఏటా 4 శాతం పెంచుకోగలిగితే లాభమూ 4 శాతం పెరుగుతుంది. అప్పుడు 12 బదులు 8తో భాగించవచ్చు. అయితే ఊరికే పెరగదు. పదేళ్ల కిందట కొన్న లేత్ యంత్రం స్థానంలో కొత్తది కొనాలంటే పాత ధర మీద వేసిన తరుగుదల చాలదు. గోడౌన్‌లో ఉన్న అదే సరుకుకు ఎక్కువ డబ్బు కట్టేయాలి. ఈ రెండిటికీ షేరుకు 4 రూపాయలు పక్కన పెట్టాలి అనుకున్నాం. చేతికి వచ్చేది 26. దాన్ని 0.08తో భాగిస్తే 325.

కాబట్టి 900ని మూడు ముక్కలుగా రాయడం నాకు న్యాయంగా అనిపిస్తుంది. ఏమీ మారకపోతే 250. ధరల పెరుగుదలను కొనేవాళ్ల మీదకు నెట్టగలగడం వల్ల 75. నిజమైన ఎదుగుదలకు 575.

ఒక హెచ్చరిక. పాత ఫ్యాక్టరీకి ధరల పెరుగుదల కలిపి, కొత్త ఫ్యాక్టరీకి కలపకపోతే అది ఒంటి కంటి లెక్క. కొత్త పెట్టుబడికీ అదే మర్యాద ఇస్తే, అంటే 18లో 4 యంత్రాల ధరకు పోయి 14 మాత్రమే నిజంగా కొత్త పనిలో పడుతుందని, దాని మీద వచ్చే లాభంలోంచీ 30కి 4 చొప్పున పక్కన పెట్టాక మిగిలేది ఏటా 4 శాతం పెరుగుతుందని వేస్తే, 61 ఏళ్లు దాదాపు 33కి దిగుతాయి. చిన్న తేడా కాదు. అందుకే మొదటి లెక్కతో భయపడి షేరు అమ్మేయకూడదు. అలాగని ముప్పై మూడేళ్లు కూడా తక్కువేం కాదు. ఏ కంపెనీ అయినా ధరలు పెంచగలదనీ కాదు. గుత్తేదారుకు టెండర్ మీద సరుకిచ్చే వాళ్లకు ఈ 75 రాయకండి.

ఈ లెక్క ఎక్కడ పనిచేయదు

సిమెంటు, ఉక్కు, చక్కెర లాంటి వాటిలో లాభం అలల మాదిరిగా వస్తుంది. అల పైకొచ్చిన ఏడాది లాభాన్ని r తో భాగిస్తే ఉన్నదాని విలువే ధరను దాటిపోతుంది, పీవీజీఓ మైనస్‌లో కనిపిస్తుంది. చవగ్గా దొరికిందని సంబరపడి కొంటే మరుసటి ఏడాది లాభం సగమవుతుంది. ఇలాంటి చోట ఒక పూర్తి అల కాలానికి, కనీసం ఏడెనిమిదేళ్లకు, సగటు లాభం వేయాలి. మైనస్ పీవీజీఓ కనిపించినప్పుడల్లా ముందు ఈ అనుమానం రావాలి, ఆ తర్వాతే కంపెనీ డబ్బు తగలేస్తోందన్న అనుమానం.

దీనికి ఎదురు దిక్కున బెంగళూరు స్టార్టప్‌లు ఉన్నాయి. లాభమే లేని చోట EPS1 / r మైనస్ అవుతుంది, పీవీజీఓ ధర కంటే ఎక్కువ వస్తుంది. గణితం తప్పు కాదు, కానీ దాంతో ఏమీ తెలియదు. అక్కడ అసలు సమస్య లెక్కలు రాసే పద్ధతి. ఫ్యాక్టరీ కడితే ఆ ఖర్చు ఆస్తిగా నమోదవుతుంది. కొత్త కస్టమర్లను తెచ్చుకోవడానికి ప్రకటనల మీద, డిస్కౌంట్ల మీద పెట్టింది ఆ ఏడాది ఖర్చుగానే పోతుంది. అది కూడా రేపటి కోసం పెట్టిన పెట్టుబడే. కొత్త కస్టమర్ల వేట ఈ రోజే ఆపేస్తే, ఉన్నవాళ్ల మీద ఎంత మిగులుతుందో వేరుగా లెక్కగట్టగలిగితే దాన్ని EPS1 స్థానంలో పెట్టవచ్చు. అలా ఆపితే పాత కస్టమర్లు ఎంత వేగంగా జారిపోతారో కూడా తెలియాలి. కంపెనీ ఆ వివరాలు బయటపెట్టకపోతే ఈ పద్ధతిని పక్కన పెట్టేయడమే మంచిది.

ఫలితాలు వచ్చిన రోజు ఏం చూడాలి

విడదీసి మూలన పెట్టేస్తే ఉపయోగం లేదు. ధరలో ఏ మాట ఇమిడి ఉందో ఇప్పుడు మనకు తెలుసు. అట్టిపెట్టుకున్న ప్రతి 18 రూపాయలకూ మరుసటి ఏడాది లాభం 3.60 పెరగాలి. ఫలితాలు వచ్చినప్పుడు ఆ ఒక్క జత అంకెలు చూస్తే చాలు.

మా వాడు 30 అని వేసుకున్న ఏడాది కంపెనీ దాదాపు 30తోనే ముగించింది, 18 అట్టిపెట్టుకుంది. ఆ తర్వాతి ఏడాది 33.60 రావాలి, వచ్చింది 32.40. 'లాభంలో 8 శాతం వృద్ధి' అని వార్త. మా లెక్కలో చూస్తే 18 మీద 2.40, అంటే 13 శాతం చిల్లర. 17 దగ్గరే `#NUM!` వచ్చిన షేరు ఇది. ఒక్క ఏడాదికే తీర్పు ఇవ్వకూడదు. కొత్త షాపు ఆలస్యంగా మొదలై ఉండొచ్చు, ఇనుము ధర పెరిగి ఉండొచ్చు. మూడేళ్లు వరుసగా కలిపి చూడాలి. కానీ టెన్షన్ పడాల్సింది ఎక్కడో మాత్రం స్పష్టంగా తెలిసింది, అమ్మకాల దగ్గర కాదు, కొత్త డబ్బు మీద రాబడి దగ్గర. వాడు సగం షేర్లు అమ్మి, మిగతా సగం ఉంచుకున్నాడు. 13 శాతం చిల్లర ఎందుకు వచ్చిందో వాటాదారుల సమావేశంలో అడుగుతానని ప్రశ్న కూడా రాసుకున్నాడు.

మొన్న ఆదివారం మెస్‌కి భోజనానికి వెళ్లాం. ఆయన ఇంకా అమ్మలేదు. లాభం ఇప్పుడు పదమూడు లక్షలట, డెబ్భై అయిదు ఇస్తే ఇచ్చేస్తానన్నాడు. మా వాడు విస్తరి ముందే వేళ్లు లెక్కపెట్టుకుని, "బావా, అరవై అయిదు పోను ఆ పది లక్షలు దేనికో కనుక్కుని వస్తా" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.